మూడు వరుసలు, మూడు గడపలు: పీఎం కిసాన్ వీడియోకు స్క్రిప్టు రాయడం

ప్రశ్న: నేను మా ఊళ్ళో చిన్న కంప్యూటర్ సెంటర్ నడుపుతాను. పీఎం కిసాన్‌కు మొదటిసారి దరఖాస్తు చేసేవాళ్ళ కోసం 12 నిమిషాల వీడియో చేశాను. వెబ్‌సైట్‌లో ఉన్న సూచనలన్నీ తెలుగులో చదివాను, స్క్రీన్ కూడా చూపించాను. చాలామంది చూశారు. కానీ చూసినవాళ్ళే ఫోన్ చేసి "ఇప్పుడేం చెయ్యాలి?", "డబ్బు ఎందుకు పడలేదు?" అని అడుగుతున్నారు. నా స్క్రిప్టులో లోపం ఎక్కడుంది? మామూలు మాటల్లో ఎలా రాయాలి?

సమాధానం:

మీకు వస్తున్న రెండు ప్రశ్నలూ రెండు వేర్వేరు లోపాలను చూపిస్తున్నాయి. "ఇప్పుడేం చెయ్యాలి?" అని అడుగుతున్నారంటే మీ మాట వాళ్ళ వేలు కంటే ముందు పరిగెడుతోందని అర్థం. అది వాక్యాల్లో ఉన్న లోపం. "డబ్బు ఎందుకు పడలేదు?" అని అడుగుతున్నారంటే వీడియో ఆగకూడని చోట ఆగిపోయిందని అర్థం. మీ స్క్రిప్టు బహుశా Submit నొక్కడంతో అయిపోయి ఉంటుంది. రెండిట్లో ఇదే పెద్దది కాబట్టి ముందు దీని గురించే చెప్తాను.

వెబ్‌సైట్‌కి Submit చివరి మెట్టు కావచ్చు. దరఖాస్తు చేసిన రైతుకు అది సగం దారి. అక్కడి నుంచి కాగితాలు అధికారుల పరిశీలనకు వెళ్తాయి. వాళ్ళు ఒప్పుకున్నాకే పేరు పథకంలోకి వస్తుంది. మొదటిసారి దరఖాస్తు చేసినవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. వాళ్ళు వారం పదిరోజులు ఆగి మళ్ళీ pmkisan.gov.in తెరుస్తారు. అక్కడ Know Your Status అని కనిపిస్తే అదే నొక్కుతారు. అది రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతుంది. వాళ్ళ దగ్గర ఉండదు, లేదా ఉన్నా వివరాలు రావు. దరఖాస్తు పోయిందేమోనని టెన్షన్ పడి మీకు ఫోన్ చేస్తారు.

నిజానికి కొత్తవాళ్ళు మొదట చూడాల్సింది అది కాదు. అదే పేజీలో Status of Self Registered Farmer/CSC Farmers అని ఇంకొకటి ఉంటుంది. అందులో ఆధార్ నంబరు కొడితే దరఖాస్తు ఏ దశలో ఉందో తెలుస్తుంది. ఒప్పుకున్నారని తెలిశాక Know Your Status పని మొదలవుతుంది. ఈ రెండిటికీ తేడా మీ వీడియోలో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: "దరఖాస్తు ఒప్పుకున్నారా లేదా అని చూడటానికి ఇది. ఒప్పుకున్నాక డబ్బుకు ఏదైనా అడ్డం ఉందా అని చూడటానికి అది." ఈ వాక్యం పలికేటప్పుడు స్క్రీన్ మీద రెండు బటన్లూ కనిపిస్తూ ఉండాలి.

ఇక Know Your Status లోపల ఉన్నదే వీడియోకు గుండెకాయ. అక్కడ అర్హత గురించి మూడు వరుసలు ఉంటాయి. భూమి గురించి Land Seeding, ఆధార్ సరిచూడటం గురించి e-KYC Status, బ్యాంకు గురించి Aadhaar Bank Account Seeding Status. ఒక్కోదానికి ఎదురుగా Yes గానీ No గానీ ఉంటుంది. ఏడాదికి వచ్చే 6,000 రూపాయలు మూడు విడతలుగా, విడతకు 2,000 చొప్పున పడాలంటే మూడూ Yes కావాలి. మీకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామందికి ఈ మూడింటిలో ఏదో ఒకటి No అయి ఉంటుంది. ఏది No అయితే ఎక్కడికి వెళ్ళాలో తెలియక తిరుగుతుంటారు. బ్యాంకు పని కోసం వ్యవసాయ ఆఫీసుకు, భూమి పని కోసం మీ సెంటర్‌కు వస్తారు. వీళ్ళను చాలాకాలంగా చూస్తున్నాను. రెండు రోజుల కూలి పోగొట్టుకుని, తప్పు గడప ముందు నిలబడి, "ఇక్కడ కాదు" అన్న మాట విని వెనక్కి వెళ్తుంటారు. స్క్రిప్టు వాళ్ళను సరైన గడప దగ్గరికి చేర్చగలిగితే చాలా పని అయినట్టే.

వెబ్‌సైట్ మాటను వెబ్‌సైట్ మాటగానే వదిలేస్తే పని జరగదు. "ల్యాండ్ సీడింగ్" అంటే రైతు చెవికి విత్తనాలు చల్లడంలా వినిపిస్తుంది. "ఆధార్ బ్యాంక్ అకౌంట్ సీడింగ్" అంటే ఆధార్ జిరాక్సు బ్యాంకులో ఇచ్చామా లేదా అనుకుంటారు. అందుకని ఒక్కో వరుసకు నాలుగు సంగతులు రాయండి. తెర మీద ఉన్న పేరు, మన మాటల్లో దాని అర్థం, No ఉంటే వెళ్ళాల్సిన చోటు, అక్కడికి వెళ్ళి నోటితో అనాల్సిన మాట. చివరిది చాలా వీడియోల్లో ఉండదు. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషికి ఎక్కువ పనికొచ్చేది అదే.

నేనైతే ఈ భాగం ఇలా రాస్తాను:

"పేజీని కొంచెం కిందికి జరపండి. మూడు వరుసలు కనిపిస్తాయి. ఒక్కో వరుసకు ఎదురుగా Yes అని గానీ No అని గానీ ఉంటుంది. మూడిటికీ Yes ఉంటే ఇక్కడ మీరు చెయ్యాల్సింది ఏమీ లేదు. ఒక్కదానికి No ఉన్నా డబ్బు ఆగుతుంది. వీడియో ఆపి, మీకు No ఎక్కడుందో చూసుకోండి."

"మొదటిది, Land Seeding. అంటే మీ భూమి రికార్డు ఈ పథకంలో మీ పేరుకు కలిసిందా లేదా అని. ఇక్కడ No ఉంటే ఫోన్లో మీరు చెయ్యగలిగింది లేదు. పట్టాదారు పాస్ పుస్తకం, ఆధార్ కార్డు, మీ రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకుని మండల వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్ళండి. 'పీఎం కిసాన్‌లో నా ల్యాండ్ సీడింగ్ నో అని చూపిస్తోంది, నా భూమి వివరాలు సరిచూడండి' అని చెప్పండి."

"రెండోది, e-KYC. అంటే ఈ ఆధార్ మీదేనని మీరే ఒకసారి చూపించడం. మీ ఆధార్‌కు ఫోన్ నంబరు కలిసి ఉంటే ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. ఎలాగో ఈ వీడియో తర్వాత భాగంలో ఉంది. కలిసి లేకపోతే సీఎస్సీ సెంటర్‌కు వెళ్ళి వేలిముద్రతో చేయించుకోండి. వేలిముద్ర పడకపోతే పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసుకునే దారి కూడా ఉంది."

"మూడోది, Aadhaar Bank Account Seeding. ప్రభుత్వం ఈ డబ్బును మీ ఆధార్ నంబరు పేరు మీద పంపుతుంది. ఆ నంబరుకు ఏ బ్యాంకు గుర్తు పెట్టి ఉందో ఆ బ్యాంకులోనే పడుతుంది. ఇక్కడ No ఉంటే ఏ బ్యాంకూ గుర్తు పెట్టి లేదన్నమాట. పాస్‌బుక్కు, ఆధార్ కార్డు పట్టుకుని మీ బ్యాంకుకు వెళ్ళండి. 'ప్రభుత్వ డబ్బు ఈ ఖాతాలో పడాలి, నా ఆధార్‌ను ఎన్‌పీసీఐలో ఈ ఖాతాకు కలపండి' అని అడగండి. ఆ మాట గుర్తుండకపోతే చీటీ మీద రాసుకుని చూపించండి."

చివరి పేరాలో ఎన్‌పీసీఐ అన్న మాట కావాలనే ఉంచాను. మామూలు మాటల్లో రాయడమంటే కష్టమైన మాట ప్రతిదాన్నీ తీసెయ్యడం కాదు. రైతుకు అర్థం కానవసరం లేకపోయినా కౌంటర్ అవతలి మనిషికి అర్థం కావాల్సిన మాటలు కొన్ని ఉంటాయి. "ఆధార్ లింక్ చెయ్యండి" అని మాత్రమే అడిగితే బ్యాంకులో "ఎప్పుడో లింక్ అయ్యింది" అంటారు. వాళ్ళు చెప్పేదీ అబద్ధం కాదు. ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ ఇచ్చి ఉంటారు కాబట్టి బ్యాంకు రికార్డులో ఆ నంబరు ఉంటుంది. కానీ ప్రభుత్వ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్ళాలో చెప్పే పట్టిక వేరు. అది బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర ఉంటుంది. బ్యాంకు రికార్డులో ఉండి ఆ పట్టికలో లేకపోవచ్చు. ఈ తేడాను రైతుకు వివరించడానికి వీడియోలో రెండు నిమిషాలు ఖర్చు పెట్టకండి. సరైన మాట చేతికిచ్చి పంపండి.

మూడు Yes లు ఉన్నా డబ్బు రాలేదనేవాళ్ళు కూడా మీకు తగులుతారు. ఉదాహరణకు ఒక రైతుకు రెండు ఖాతాలు ఉన్నాయనుకోండి. పంట రుణం కోసం తెరిచిన పాత ఖాతా ఒకటి, తర్వాత ఎప్పుడో ఇంకో బ్యాంకులో తెరిచిన జన్‌ధన్ ఖాతా ఒకటి. ఆయన రోజూ వాడేది పాతది. కొత్త ఖాతా తెరిచేటప్పుడు పెట్టిన సంతకాల్లో ప్రభుత్వ డబ్బు ఇటే రావాలన్న ఒప్పుకోలు కూడా ఉండి ఉంటుంది. ఆధార్‌కు ఒకసారికి ఒక బ్యాంకే గుర్తు ఉంటుంది, చివర పెట్టిందే నిలుస్తుంది. డబ్బు కొత్త ఖాతాలో పడుతూనే ఉంటుంది. ఆయన మాత్రం పాత పాస్‌బుక్కు ప్రింటు తీయించి చూస్తూ పడలేదంటాడు. ఇలాంటివాళ్ళ కోసం ఒక్క వాక్యం కలపండి: "మీకు ఒకటి కంటే ఎక్కువ ఖాతాలు ఉంటే అన్ని పాస్‌బుక్కులూ చూసుకోండి." ఏ బ్యాంకు గుర్తు పెట్టి ఉందో ఆధార్ వెబ్‌సైట్ myaadhaar.uidai.gov.in లో Bank Seeding Status అన్నచోట కనిపిస్తుంది. అది కూడా చూపించండి, కానీ అది అరనిమిషం మించకూడదు.

ఇప్పుడు వాక్యాల సంగతి. మీరు వెబ్‌సైట్ సూచనలను తెలుగులో చదివానన్నారు. అప్పుడు వాక్యం దాదాపు ఇలా వస్తుంది: "అనంతరం ఆధార్ సంఖ్యను నమోదు చేసి, మొబైల్ నంబరును పూరించి, రాష్ట్రాన్ని ఎంచుకుని, క్యాప్చా కోడ్‌ను ఎంటర్ చేసి గెట్ ఓటీపీపై క్లిక్ చేసినట్లయితే మీ మొబైల్‌కు ఓటీపీ పంపబడుతుంది." కాగితం మీద ఇందులో తప్పు లేదు. వినేవాళ్ళకు మాత్రం ఇది ఐదు పనుల మూట. మన భాషలో అసలు క్రియ చివర వస్తుంది. "చేసి, పూరించి, ఎంచుకుని" అంటూ పోతుంటే, చివరి మాట వచ్చేదాకా ఏది మొదలుపెట్టాలో తెలియక చెయ్యి గాలిలో ఆగిపోతుంది. చదువుకున్నవాళ్ళు ఆ మూటను తలలో పట్టుకోగలరు. ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో ఆధార్ కార్డు పట్టుకున్న మనిషి పట్టుకోలేడు. ఇక "పంపబడుతుంది" అన్నప్పుడు ఎవరు పంపుతారు, ఏ ఫోనుకు పంపుతారు అన్నది మాయమైపోతుంది. "పరిశీలించబడుతుంది", "జమ చేయబడుతుంది" కూడా అంతే. స్క్రిప్టులో "బడు" ఎక్కడ కనిపించినా అక్కడ ఆగి, ఎవరు చేస్తారో రాయండి.

అదే భాగాన్ని నేను ఇలా రాస్తాను. గమనించండి, ప్రతి చోటా ముందు ఎక్కడ చూడాలో వస్తుంది, తర్వాతే ఏం చెయ్యాలో వస్తుంది.

"పైన ఆధార్ నంబరు గడి ఉంది. అందులో మీ 12 అంకెలూ కొట్టండి. మధ్యలో ఖాళీ వదలొద్దు."

"దాని తర్వాత మొబైల్ నంబరు గడి. ఇప్పుడు మీ దగ్గరున్న ఫోన్ నంబరు కొట్టండి."

"రాష్ట్రం అన్నచోట నొక్కితే పేర్ల వరుస తెరుచుకుంటుంది. మీ రాష్ట్రం పేరు మీద నొక్కండి."

"కింద వంకరటింకరగా కొన్ని అక్షరాలు, అంకెలు ఉన్నాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టు పక్క గడిలో కొట్టండి. పెద్ద అక్షరం పెద్దగానే, చిన్న అక్షరం చిన్నగానే."

"ఇంకా ఏమీ నొక్కొద్దు. ఫోను పక్కన పెట్టుకోండి. ఇప్పుడు Get OTP నొక్కండి. మీరు కొట్టిన నంబరుకు మెసేజ్ వస్తుంది. అందులో ఉన్న అంకెలు ఇక్కడ కొట్టండి."

"ఆ తర్వాత ఆధార్ వాళ్ళు ఇంకో ఓటీపీ పంపుతారు. అది మీ ఆధార్‌కు కలిసిన నంబరుకే వస్తుంది. ఆ సిమ్ము మీ అబ్బాయి ఫోన్లో ఉంటే మెసేజ్ అక్కడికే వెళ్తుంది."

ఈ చివరి వాక్యం నేను చేసిన తప్పు నుంచి వచ్చింది. మొదట్లో రాసిన ఒక స్క్రిప్టులో నేనూ "మీ మొబైల్‌కు ఓటీపీ వస్తుంది" అని రాసి వదిలేశాను. వీడియో చూసి ఒక పెద్దావిడ గంటసేపు తన ఫోను వైపే చూస్తూ కూర్చున్నారట. ఆమె ఆధార్‌కు ఉన్న నంబరు పట్నంలో ఉంటున్న కొడుకుది. ఓటీపీ అక్కడ వచ్చి, గడువు దాటి పోయింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ అక్కడికే వెళ్ళింది. తప్పు ఆమెది కాదు. "మీ మొబైల్" అన్న మాటకు ఆమె తీసుకున్న అర్థమే సరైనది. అప్పటి నుంచి ఏ ఓటీపీ ఏ నంబరుకు వస్తుందో చెప్పకుండా ఓటీపీ అన్న మాట రాయను. నొక్కే ముందే ఫోను దగ్గర పెట్టుకోమని కూడా రాస్తాను. గడువు నిమిషాల్లో ఉంటుంది కదా, నొక్కాక చెప్తే ఆలస్యమైపోతుంది.

బటన్ల పేర్ల విషయంలో చాలామంది తడబడతారు. తెర మీద Submit అని ఉంటే నోటితో కూడా "సబ్మిట్" అనే అనండి. "సమర్పించు నొక్కండి" అంటే ఆ మాట కోసం తెరంతా వెతుకుతారు. బటను పేరు ఉన్నది ఉన్నట్టు, దాని అర్థం మన మాటల్లో. అలాగే చెయ్యాల్సిన పనికి ఒకే మాట పెట్టుకుని చివరిదాకా అదే వాడండి. ఒకచోట నొక్కండి, ఇంకోచోట క్లిక్ చెయ్యండి, మరోచోట సెలెక్ట్ చేసుకోండి అంటే, ఇవి మూడు వేర్వేరు పనులేమో అనుకునేవాళ్ళు ఉన్నారు. మీ ఊళ్ళో ఒత్తండి అంటారా, నొక్కండి అంటారా? ఏది అంటే అది. "అప్‌లోడ్" బదులు "పాస్ పుస్తకం ఫోటో ఎక్కించండి" అంటే సరిపోతుంది. "లబ్ధిదారుడు" అన్న మాట అసలు అవసరం లేదు, వినేది ఆయనే కాబట్టి "మీరు" చాలు.

ఇక వీడియో మొదటి నిమిషం. పథకం ఎప్పుడు మొదలైంది, ఎవరు ప్రారంభించారు, ఎంతమందికి అందింది అన్నవి తీసెయ్యండి. చూస్తున్నవాళ్ళు దరఖాస్తు చెయ్యాలనే వచ్చారు. ఆ నిమిషంలో రెండే సంగతులు ఉండాలి. ఇది నాకు వర్తిస్తుందా? చేతిలో ఏమేం ఉండాలి?

మొదటిది మొహమాటం లేకుండా చెప్పాలి. ఈ పథకంలో భూమికి ఒక తేదీ ఉంది, 2019 ఫిబ్రవరి 1. ఆ రోజుకు భూమి రికార్డులో పేరు ఉన్నవాళ్ళకే ఇది వర్తిస్తుంది. ఆ తర్వాత కొనుక్కున్న భూమితో కొత్తగా దరఖాస్తు చేస్తే నిలవదు. పేరున్న వ్యక్తి చనిపోయి, భూమి వారసులకు వచ్చిన సందర్భాన్ని మాత్రం ఒప్పుకుంటారు. చాలా వీడియోలు ఈ తేదీ చెప్పవు. చెప్తే చూసేవాళ్ళు తగ్గిపోతారని భయం కావచ్చు. కానీ రెండేళ్ళ కింద అరెకరం కొనుక్కున్న మనిషి 12 నిమిషాలు చూసి, సెంటర్‌లో డబ్బు కట్టి, నెలల తరబడి ఎదురుచూసి, చివరికి తిరస్కరించారని తెలుసుకోవడం అన్యాయం. ఆయనకు ఆ సంగతి మొదటి అరనిమిషంలోనే తెలియాలి.

దీన్ని నిబంధనల పట్టికలా చదవకండి. వినేవాళ్ళు తమకు తాము జవాబు చెప్పుకునే ప్రశ్నలుగా అడగండి. "2019 ఫిబ్రవరి 1 నాటికి సాగుభూమి మీ పేరు మీద ఉందా? లేక ఆ తర్వాత మీ నాన్న నుంచో, భర్త నుంచో వారసత్వంగా వచ్చిందా? రెండూ కాకపోతే ఈ పథకం మీకు వర్తించదు. కౌలుకు చేసే భూమి దీనికి లెక్కలోకి రాదు." తర్వాత, "మీ ఇంట్లో, అంటే భార్య, భర్త, చిన్నపిల్లలు కలిపి, ఎవరైనా పోయిన ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టారా? నెలకు 10,000 గానీ అంతకంటే ఎక్కువ గానీ పెన్షన్ తీసుకుంటున్నారా? ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నారా? ఒక్కదానికి అవునన్నా ఈ డబ్బు రాదు. నాలుగో తరగతి ఉద్యోగులకు, ఆ ఉద్యోగం చేసి పెన్షన్ తీసుకునేవాళ్ళకు మాత్రం ఆ ఉద్యోగం, పెన్షన్ అడ్డం కావు." భార్యాభర్తలిద్దరికీ భూమి ఉన్నా కుటుంబానికి ఒక్కరికే వస్తుందని కూడా ఇక్కడే చెప్పాలి. మంత్రులు, మేయర్లు, ప్రాక్టీసు చేసే డాక్టర్లు, లాయర్ల లాంటి, ఈ డబ్బు రాని మిగతావాళ్ళ జాబితా వీడియో కింద రాసి పెట్టండి. నోటితో చదివితే వినేవాళ్ళు అలసిపోతారు.

చేతిలో ఉండాల్సినవి చెప్పేటప్పుడు వస్తువులను కెమెరా ముందు పెట్టి చూపించండి. ఆధార్ కార్డు, పట్టాదారు పాస్ పుస్తకం, ఆధార్‌కు కలిసిన సిమ్ము ఉన్న ఫోను, రైతు ఐడీ ఉంటే అది కూడా. కార్డుల మీద ఉన్న నంబర్లను, పేర్లను పూర్తిగా కప్పెయ్యండి. స్క్రీన్ రికార్డింగులో కూడా అంతే. ఇంట్లోవాళ్ళ ఆధార్ అయినా కనిపించకూడదు. మీ స్క్రిప్టులో ఇంకో మాట తప్పకుండా ఉండాలి: "ఎవరూ కామెంట్‌లో మీ ఆధార్ నంబరు, ఫోన్ నంబరు పెట్టకండి. వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో వచ్చే యాప్ ఫైలు నొక్కకండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి, మాకు కూడా." చివరి రెండు మాటలు మీ నోటితో వింటేనే మీ పేరు చెప్పుకుని ఫోన్ చేసే మోసగాళ్ళ నుంచి మీ ఊరివాళ్ళు తప్పించుకుంటారు.

స్క్రిప్టు రాయడం అయ్యాక వెంటనే రికార్డు చెయ్యకండి. ముందు ఒక పూట దీనికి కేటాయించండి. ఈ పథకానికి ఎప్పుడూ దరఖాస్తు చెయ్యని మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. మీ ఇంట్లోవాళ్ళు వద్దు, మీ సెంటర్ పక్కన టీ కొట్టాయన అయినా సరే. ఫోను ఆయన చేతికిచ్చి, మీరు ఆయనకు కనిపించకుండా వెనక కూర్చుని స్క్రిప్టు మాత్రమే చదవండి. అదనంగా ఒక్క మాట కూడా అనకూడదు. ఇది కష్టం, నాకు ఇప్పటికీ నాలుక మీదికి వస్తుంది. ఆయన వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ మిమ్మల్ని వెనక్కి తిరిగి చూశారో స్క్రిప్టు మీద గీత పెట్టుకోండి. గీత పడిన ప్రతిచోటా దాదాపుగా మూడింటిలో ఒక కారణం ఉంటుంది. ఎక్కడ చూడాలో చెప్పకుండా ఏం చెయ్యాలో చెప్పి ఉంటారు. లేదా ఒకే వాక్యంలో రెండు పనులు పెట్టి ఉంటారు. లేదా మీరు చెప్పింది కాకుండా తెర మీద వేరేది వచ్చి ఉంటుంది. మూడోదానికి "ఇలా కాకుండా ఇలా కనిపిస్తే" అని ఒక వాక్యం కలపాలి. ఇద్దరు ముగ్గురితో ఇలా చేస్తే చాలు, ఆగే చోట్లు మళ్ళీ మళ్ళీ అవే వస్తాయి.

అప్పుడు గడియారం పెట్టుకుని చదవండి. ఇలాంటి వీడియోకు నేను నిమిషానికి 90 మాటలు దాటనివ్వను. ఒక్కో పని చెప్పాక రెండు మూడు సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఉంటాను, స్క్రిప్టులోనే "ఆగు" అని రాసుకుంటాను. ఈ లెక్కన మీ 12 నిమిషాల వీడియో ఇంకా పొడవవుతుంది కాబట్టి దాన్ని మూడు ముక్కలు చెయ్యండి. మొదటిది, వర్తిస్తుందా, ఏమేం కావాలి. రెండోది, New Farmer Registration నుంచి Submit దాకా. మూడోది, Submit తర్వాత ఎక్కడ చూడాలి, మూడు వరుసలు, మూడు గడపలు.

ముక్కలు చెయ్యడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ పథకంలో తెరలు మారుతుంటాయి. 2025 నుంచి చాలా రాష్ట్రాల్లో కొత్త దరఖాస్తుకు రైతు ఐడీ అడగడం మొదలైంది. అంతకుముందు చేసిన వీడియోలన్నీ ఆ ఒక్కచోట తప్పుదారి పట్టిస్తున్నాయి. మొత్తం ఒకే వీడియో అయితే అంతా మళ్ళీ తియ్యాలి. ముక్క అయితే ఆ ముక్కే మారుస్తారు. ప్రతి ముక్క మొదట్లో "ఇది ఫలానా నెలలో ఉన్న పద్ధతి" అని నోటితో చెప్పండి. తెర మూలన నెల, సంవత్సరం రాసి ఉంచండి. సైటులో ఏదైనా మారిందని తెలిసిన రోజు, కొత్తది తీసేలోపు పాతదాని కింద ఆ సంగతి రాసేయండి.

మొదట మూడో ముక్క తియ్యండి. దరఖాస్తు చేసేసి, డబ్బు పడక మీకు ఫోన్ చేస్తున్నవాళ్ళకు ఈ వారం కావాల్సింది అదే.